లోలకాన్ని నిలబెట్టడం సరే, పైకి లేపడమెలా?

హనుమకొండలో మా ఇంట్లోనే పాత ప్రింటర్ పట్టా, బెల్టు, 12 వోల్టుల డీసీ మోటారుతో చిన్న బండి చేశాను. దాని మీద లోలకంలా అటూ ఇటూ తిరిగేలా బిగించిన కడ్డీని చేత్తో నిటారుగా పెట్టి వదిలితే చక్కగా నిలబెట్టేది. కిందికి వేలాడే కడ్డీని తానే పైకి లేపమంటే మాత్రం బండి పట్టా చివరికి పోయి ఢీకొట్టేది.

నిలబెట్టేటప్పుడు కడ్డీ ఎటు ఒరిగితే బండి అటు వెళ్తే చాలు. కోణం చిన్నది, బండి కదిలేదీ కొద్ది దూరమే. లేపేటప్పుడు ఉయ్యాల ఊపినట్టు శక్తిని కొంచెం కొంచెంగా ఎక్కించాలి. కడ్డీ కొన అడుగున ఎడమకు పోతుంటే బండిని కుడికి తోయాలి. కడ్డీ సరిగ్గా అడ్డంగా ఉన్నప్పుడు ఎంత తోసినా లాభం లేదు. ఈ తోపులన్నీ కలిసి బండిని మెల్లగా ఒక పక్కకు జరిపేస్తాయి, పట్టా అయిపోతుంది. అందుకే చివరి రెండు పదాలు చేర్చాను:

```
a = k*E*sign(w*cos(th)) - kx*x - kv*v
```

`a` బండి త్వరణం, `x` పట్టా మధ్య నుంచి దూరం, `v` బండి వేగం. `th` నిటారు స్థితి నుంచి కుడివైపు కోణం, `w` దాని వేగం. `E` కడ్డీ శక్తి: నిటారుగా కదలకుండా ఉన్నప్పుడు సున్నా, కింద వేలాడేటప్పుడు మైనస్. `k`, `kx`, `kv` ఒక్కో పదం బలాన్ని నిర్ణయించే, మనం సర్దుకునే సంఖ్యలు. `kx` మరీ పెంచితే ఊపే చచ్చిపోతుంది, కాబట్టి బండి పట్టా దాటని కనీస విలువ దగ్గర ఆపాను.

ఇంకో చిక్కు రాపిడి. పైకి దగ్గరైన కొద్దీ `E` సున్నాకు చేరి `a` తగ్గుతుంది. అంత చిన్న వోల్టేజీకి చవక మోటారు గుయ్‌మంటుందే కానీ తిరగదు, కడ్డీ అంచు దాకా వచ్చి వెనక్కి పడిపోతుంది. మోటారు కదలడానికి కావాల్సిన కనీస వోల్టేజీని ప్రతి తోపుకూ కలిపాను. కోణం 15 డిగ్రీల లోపుకు వచ్చి, వేగం కూడా తక్కువగా ఉంటేనే నిలబెట్టే కోడ్‌కు అప్పగిస్తున్నాను. వేగం చూడకుండా అప్పగిస్తే, దూసుకెళ్తున్న కడ్డీని పట్టుకోబోయి బండి మళ్ళీ చివరికే పరుగెత్తుతుంది.