కొత్త పరిచయం చాట్‌లో నొప్పించకుండా సరదాగా మాట్లాడటం ఎలా?

యాప్‌లోనో, స్నేహితుల ద్వారానో ఒకరు పరిచయమయ్యారు. చాట్ మొదలై రెండు మూడు రోజులైంది. "తిన్నారా?", "పని అయిందా?" దగ్గరే బండి ఆగిపోయింది. సరదాగా ఏదైనా అందామని చూస్తే, చేయి వెళ్లేది ముందుగా అవతలి వాళ్లను ఆటపట్టించడం మీదికే. చిన్ననాటి స్నేహితులతో అలాగే మాట్లాడతాం కదా మరి. కానీ వాళ్లకు మనం ఏళ్లుగా తెలుసు, ఎంత మాటన్నా వెనక ప్రేమే ఉందని ముందే నమ్ముతారు. మూడు రోజుల పరిచయానికి ఆ పూచీకత్తు లేదు. అక్కడ మన గురించి చెప్పేది మన వాక్యం ఒక్కటే.

ఆ వాక్యం మనం అనుకున్నంత బాగా చెప్పదు కూడా. 2005లో జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ, వాళ్ల తోటి పరిశోధకులు ఒక ప్రయోగం అచ్చువేశారు. కొందరు కొన్ని వాక్యాలను వెటకారంగా, కొన్నింటిని మామూలుగా ఈమెయిల్‌లో రాసి పంపారు. వందకు 78 సార్లు తమ ఉద్దేశం అవతలి వాళ్లకు తెలిసిపోతుందని రాసినవాళ్లు అనుకున్నారు. నిజంగా తెలిసింది 56 సార్లే. బొమ్మా బొరుసూ వేసి చెప్పినా 50 సార్లు సరిపోతుంది కాబట్టి ఇది దాదాపు గుడ్డి లెక్కే. రాసేటప్పుడు మన తలలో మన గొంతు వినిపిస్తూ ఉంటుంది. చదివేవాళ్లకు అక్షరాలు మాత్రమే కనిపిస్తాయి.

అందుకే నేను చేసేది, చేయమని చెప్పేది ఈ వరుసలో ఉంటుంది.

1. ముందు ఎవరి మీదా వేయని జోకుతో మొదలుపెట్టండి

మొదటి జోకుకు గురి మీరో, ఏదైనా వస్తువో, ఆ రోజు జరిగిన సంగతో కావాలి. "పొద్దున ఐదు అలారాలు పెట్టుకున్నాను. ఐదింటినీ నిద్రలోనే ఓడించాను." ఇలాంటి మాటతో ఎవరికీ నష్టం లేదు, పైగా అవతలి వాళ్లు అందుకోవడానికి ఒక కొస దొరుకుతుంది. "నేను ఏడు పెట్టుకుంటాను" అని జవాబొస్తే ఆట మొదలైనట్టే.

మిమ్మల్ని మీరు తక్కువ చేసుకోవడానికీ ఒక హద్దుంది. అలారం, దారి తప్పడం, మాడిన వంట లాంటి చిన్న తప్పుల దగ్గరే ఆగండి. "నాతో మాట్లాడేవాళ్లే ఉండరులెండి" లాంటి మాట వింటే నవ్వు రాదు, ఓదార్చాల్సిన పని పడుతుంది. కొత్త మనిషికి అది బరువు.

2. వాళ్లు తెరిచిన తలుపులోంచే వెళ్లండి

ఒక ఉదాహరణను దగ్గరగా చూద్దాం. ఒకామె ప్రొఫైల్‌లో ఇలా ఉంది: "మొక్కలు పెంచుతాను. ఇప్పటికి మూడు చనిపోయాయి." తన మీద తానే నవ్వుకుంటోంది కాబట్టి తలుపు తెరిచే ఉంది. ఇప్పుడు ఒకతను రెండు రకాలుగా రాయగలడు.

మొదటి రకం: "అంటే మీ చేతిలో పడితే ఏదీ బతకదన్నమాట!"

రెండో రకం: "నాలుగో మొక్క ఉందా? ముందు ముగ్గురికి ఏమైందో దానికి తెలుసా?"

రెండింటికీ ముడిసరుకు ఒకటే. మొదటిది ఆమె మీద తీర్పు. "అవును, నేను అంతే" అని ఒప్పుకోవడమో, "లేదండీ, నీళ్లు సరిగ్గానే పోశాను" అని సంజాయిషీ ఇవ్వడమో తప్ప ఆమెకు దారి లేదు. రెండో దాంట్లో పాత్ర మొక్కది. ఆమె కూడా పక్కన నిలబడి ఆ మొక్కను చూసి నవ్వగలదు. "తెలియకుండా దాచాను. కిటికీ దగ్గర ధీమాగా ఉంది" అని రాసిందనుకోండి. అప్పుడు అతను "రహస్యం నా దగ్గర భద్రం. నాదీ ఒకటి చెప్తాను, ప్లాస్టిక్ మొక్కకు రెండు వారాలు నీళ్లు పోశాను" అంటాడు. ఇద్దరూ ఒకే మెట్టు మీదికి వచ్చారు.

పంపే ముందు ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు: ఈ మాటకు అవతలి వాళ్లు కథను పెంచుతూ జవాబివ్వగలరా, లేక తమను తాము సమర్థించుకోవాల్సి వస్తుందా? రెండోదైతే చెరిపేయండి.

వాళ్లు తెరవని తలుపులు కొన్నుంటాయి. శరీరం, వయసు, యాస, జీతం, ఇంట్లోవాళ్లు, పాత ప్రేమలు, పెళ్లి ఎందుకు కాలేదన్నది. వీటి జోలికి ఇప్పుడే వద్దు. వాళ్లే నవ్వుతూ ఎత్తినా వినండి, పైమాట వేయకండి. తన లావు గురించి తను వేసుకునే జోకు, అదే మాట మీ నోట వస్తే జోకు కాదు. టైపింగ్ తప్పులు పట్టుకుని నవ్వడం కూడా ఇందులో కలపండి. చాలామందికి అది అమాయకంగా కనిపిస్తుంది, కానీ చదివేవాళ్లకు "నీకు రాయడం రాదు" అన్నట్టే వినిపిస్తుంది.

3. గారూ, అండీలతో వెటకారం చేయకండి

తెలుగులో మర్యాదను కత్తిలా వాడటం చాలా తేలిక. "మహారాణి గారు", "పెద్ద మనిషి గారు", "ఓహో, తమరికి తీరిక దొరికిందా": ఎదురుగా కూర్చుని కళ్లతో నవ్వుతూ అంటే చెల్లుతుందేమో గానీ, తెర మీద మాత్రం అచ్చమైన ఎత్తిపొడుపే.

"మీరు" నుంచి "నువ్వు"కు మారడం కూడా జోకు చాటున చేయకూడదు. మీకు అది చనువు, వాళ్లకు చిన్నచూపు కావచ్చు. "ఈ మీరు పక్కన పెడదామా?" అని అడిగితే పోయేదేముంది? ఇంకో ఉపయోగమూ ఉంది. "నువ్వు"లోకి వచ్చిన మనిషి ఉన్నట్టుండి "మీరు", "అండీ" అంటూ వెనక్కి వెళ్తే, మీ మాట ఏదో తగిలిందని అర్థం.

4. ఫిర్యాదును జోకులో చుట్టి పంపకండి

ఎక్కువ చాట్లు చెడేది ఇక్కడేనని నాకనిపిస్తుంది. అదే ఉదాహరణలో ముందుకు వెళ్దాం. మూడో రోజు ఆమె సాయంత్రం దాకా జవాబివ్వలేదు. చివరికి "సారీ, ఇవాళ పని ఎక్కువ" అని రాసింది. అతనికి లోపల కాస్త చురుక్కుమంది. పైకి మాత్రం ఇలా పంపాడు: "మహారాణి గారికి మా మీద దయ కలిగింది 😂"

ఆమె జవాబు: "నిజంగానే వరుసగా మీటింగులు ఉన్నాయండి."

ఆ జవాబును నెమ్మదిగా చదవండి. అందులో నవ్వు లేదు, సంజాయిషీ ఉంది. నిన్న లేని "అండి" వచ్చి చేరింది. ఆమె దాన్ని ఫిర్యాదుగానే తీసుకుంది, పొరపాటుగా తీసుకోనూ లేదు, ఎందుకంటే అది ఫిర్యాదే. ఎమోజీ దాన్ని మార్చలేకపోయింది. 1982 సెప్టెంబర్ 19న స్కాట్ ఫాల్‌మన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త జోకులకు గుర్తుగా :-) వాడదామని సూచించినప్పటి నుంచీ ఈ గుర్తుల పని "ఇది సరదాకే" అని చెప్పడమే. ఉన్న సరదాను అవి చూపిస్తాయి, లేని సరదాను తెచ్చిపెట్టలేవు. నా పద్ధతి ఇది: ఎమోజీ తీసేసి వాక్యాన్ని మళ్లీ చదువుతాను. అప్పుడు గుచ్చుకుంటే, ఎమోజీ ఉన్నా గుచ్చుకుంటుంది.

ఆలస్యం నిజంగా ఇబ్బంది పెడితే మామూలు మాటల్లోనే చెప్పొచ్చు. కానీ మూడో రోజే అడిగేంత హక్కు ఇంకా వచ్చిందా అన్నది వేరే ప్రశ్న.

5. తగిలిందని తెలిస్తే ఒకే మెసేజ్‌తో సర్దండి

అతను అక్కడ రాయదగినది ఇంతే: "నా మాట ఎత్తిపొడిచినట్టు వచ్చింది, సారీ. మీటింగులు బానే గడిచాయా?" ఏం తప్పు జరిగిందో ఒక ముక్కలో ఒప్పుకుని, వాళ్ల రోజు వైపు మళ్లడం.

"ఊరికే అన్నాను", "జోకు కూడా తీసుకోలేరా" అనకండి. మొదటిది మీ మనసులో మాట గురించి, తగిలిన దెబ్బ గురించి కాదు. రెండోది ఇంకో దెబ్బ. అలాగని నాలుగు సారీలు వరుసగా పంపడమూ మంచిది కాదు, అప్పుడు వాళ్లే మిమ్మల్ని ఓదార్చాలి. సర్దుకున్నాక ఆ రోజుకు జోకులు ఆపేయండి. మర్నాడు మళ్లీ మీ అలారాల దగ్గరి నుంచి మొదలుపెట్టొచ్చు.

6. నవ్వు నిజమో మొహమాటమో చూడండి

ఉత్త "హహ" ఏమీ చెప్పదు. జనం మొహమాటానికీ అది టైప్ చేస్తారు. చూడాల్సింది దాని వెనక వచ్చేది. మీ జోకుకు ఇంకో ముక్క కలిపారా, తిరిగి మీ మీద ఒకటి వేశారా, నిన్నటి మాటను ఇవాళ వాళ్లే గుర్తుచేశారా? "నాలుగో మొక్క మిమ్మల్ని అడిగింది" అని ఆమె తనంతట తాను రాస్తే అంతకంటే మంచి గుర్తు లేదు. ఇద్దరికీ కలిపి ఒక సొంత జోకు పుట్టిందన్నమాట. దాన్నీ రోజూ వాడకండి, అరిగిపోతుంది. వారానికోసారి తలిస్తే చాలు.

ఆమె తిరిగి మీ మీద జోకులు వేస్తున్నప్పుడే మీరూ కాస్త ఆటపట్టించవచ్చు. అదీ ఆమె వేసినంత మోతాదులోనే, ఒక మెట్టు కిందే ఉంటే ఇంకా మేలు. ఆమె మీ ప్లాస్టిక్ మొక్కను ఏడిపిస్తే మీరు ఆమె నాలుగో మొక్క క్షేమం అడగొచ్చు. ఆమె వంటనో, మాటతీరునో పట్టుకోవడం మోతాదు దాటడమే.

వరుసగా రెండు జోకులకు "హహ" తప్ప ఏమీ రాకపోతే మూడోది వేయకండి. మామూలు ప్రశ్న ఒకటి అడిగి, జవాబు పూర్తిగా వినండి. కొందరికి టైప్ చేస్తూ సరదా రాదు, ఫోన్‌లో పది నిమిషాలు మాట్లాడితే వాళ్లే మనల్ని నవ్విస్తారు. ఆ పైన చెప్పిన ప్రయోగంలో కూడా, అవే మాటలను గొంతుతో చెప్పినప్పుడు నూటికి డెబ్బై పైనే సరిగ్గా పట్టుకున్నారు. అందుకే ఒక మాట మీకు బాగా నచ్చి, రాస్తే ఎలా చదువుతారోనని అనుమానంగా ఉంటే, పంపకుండా దాచుకోండి. మొదటి ఫోన్ కాల్‌లో పనికొస్తుంది.