బాల్‌పెన్ మరక మీద చెయ్యి వేసే ముందు

మా అబ్బాయి స్కూల్ చొక్కా జేబు కింద పెన్ను కారి రూపాయి బిళ్లంత మరక పడింది. తెల్ల కాటన్ కాబట్టి స్పిరిట్‌తో వదిలింది. మీరు మొదలుపెట్టే ముందు ఇవి చూసుకోండి.

☐ మరకను రుద్దారా, వేడినీళ్లు పోశారా, ఇస్త్రీ చేశారా? ఇంకా ఏదీ చేయకపోతే మంచిది. గుంటూరు ఎండలో ఆరేసినా మరక గట్టిపడుతుంది. పూర్తిగా పోయేదాకా నీడలోనే ఉంచండి.

☐ బట్ట ఏమిటి? పట్టు, జరీ ఉంటే ఇంట్లో ప్రయత్నించకండి, డ్రైక్లీనింగ్‌కు ఇవ్వండి. మంగళగిరి చీరకూ జరీ అంచు ఉంటుంది, మరక అంచు దగ్గరుంటే అసలు ముట్టుకోవద్దు. గోళ్ల రంగు తీసే ద్రవం వాడకండి, అందులోని అసిటోన్ కొన్ని సింథటిక్ బట్టలను కరిగిస్తుంది.

☐ రంగు బట్టయితే లోపలి కుట్టు మీద ఒక చుక్క స్పిరిట్ వేసి, తెల్లదూదితో అద్దండి. దూదికి రంగు అంటితే అక్కడితో ఆపేయండి.

☐ గ్యాస్ పొయ్యి ఆపి, కిటికీ తీశారా? స్పిరిట్ ఇట్టే అంటుకుంటుంది. బ్లీచింగ్ పౌడర్‌తో మాత్రం ఎప్పుడూ కలపకూడదు.

☐ మరకను కిందివైపుకు తిప్పి, కింద మడిచిన పాత తెల్లగుడ్డ పెట్టారా? వెనక నుంచి స్పిరిట్ అద్దితే సిరా కిందికి దిగుతుంది. గుడ్డకు నీలం అంటగానే శుభ్రమైన మడతకు మార్చాలి. మా చొక్కాకు ఏడు మడతలు మార్చాను. ఎనిమిదోదానికి ఏమీ అంటలేదు, అప్పుడే చల్లనీళ్లు, సబ్బు పెట్టాను.

జెల్ పెన్ మరక ఇలా పూర్తిగా పోకపోవచ్చు.