పద్యం పిల్లాడిదా, ఏఐదా? పర్లాకిమిడి వైపు పోటీలు దిద్దేవాళ్లకి

ఉగాది కవిసమ్మేళనానికి ముందు పిల్లల పద్యాలు దిద్దడం పర్లాకిమిడి, గుణుపూరు, రాయగడ వైపు తెలుగువాళ్లకి అలవాటే. ఈ మధ్య ఆ కాగితాలతో పాటు ఒక అనుమానం కూడా వస్తోంది. ఆంధ్రాలో పనికొచ్చే గుర్తులన్నీ ఇక్కడ పనికిరావు. మన పిల్లల్లో చాలామంది ఒడియా బడిలో చదువుతున్నారు, ఆ చదువు పద్యంలోకి దిగుతుంది. అనుమానం ఎక్కువగా వచ్చేది ఈ కింది చోట్ల.

సమస్య: నాలుగు పాదాలూ చక్కగా ఉన్నాయి, చివర ప్రాస కూడా ఉంది, కానీ ఛందస్సు నిలవడం లేదు

ఎవరి పద్యమూ ఇక్కడ పెట్టను. ఆ తీరు తెలియడానికి నేనే ఒకటి అల్లాను. దీని పైన "ఆటవెలది" అని రాసి ఉందనుకోండి.

వంశధార ఒడిలో వెన్నెల నవ్వింది
మనసు లోతుల్లోన మౌనం కరిగింది
కాలపు ఒడ్డున కలలు పూచాయి
ప్రేమ వెలుగులో ఆశలు మెరిశాయి

ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాలకి మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు ఉండాలి. రెండు, నాలుగు పాదాలకి అయిదూ సూర్యగణాలే. సూర్యగణం అంటే మూడు లఘువులు గాని, గురువు పక్కన లఘువు గాని. ఇప్పుడు గురులఘువులు పెట్టి చూడండి. "వంశ", "ధార" సరిపోయాయి. మూడో గణం దగ్గర "ఒడిలో" వచ్చింది, అంటే లఘువు, లఘువు, గురువు. అది సూర్యగణం కాదు. రెండో పాదంలో "మనసు" బాగుంది, వెంటనే "లోతు" పడిపోయింది, ఎందుకంటే "ల్లో" ముందున్న "తు" గురువైపోతుంది. యతి సంగతికి వెళ్లనే అక్కర్లేదు.

కారణం రెండు విధాలుగా ఉండొచ్చు. మొదటిది యంత్రం. ఏఐ మాటల్ని చిన్న చిన్న ముక్కలుగా కోసుకుని తర్వాతి ముక్క ఏదో అంచనా కడుతుంది, గురులఘువులు వినదు. అది చదివినదాంట్లో పాదం చివర ప్రాస ఉన్న పాటలూ ఇంగ్లీషు పద్యాలూ బోలెడు. అందుకే మన పద్యానికి ప్రాణమైన యతి వదిలేసి, చివర "ఇంది, ఇంది" అని తగిలిస్తుంది.

రెండోది ఒడియా బడి. జగన్నాథ దాసు భాగవతం నవాక్షరిలో ఉంది, అంటే పాదానికి తొమ్మిది అక్షరాలు, రెండేసి పాదాలకి చివర ప్రాస. ఆ చెవితో పెరిగిన పిల్ల తెలుగు పద్యం రాసినా అక్షరాలే లెక్కపెడుతుంది, చివరే ప్రాస కలుపుతుంది. గణాలు ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. పైపైన చూస్తే ఈ పద్యానికీ యంత్రం పద్యానికీ తేడా కనపడదు. ఇక్కడే మనవాళ్లు తొందరపడి పిల్లల మీద మచ్చ వేస్తున్నారు.

పరిష్కారం: ముందు అక్షరాలు లెక్కపెట్టండి. పై నమూనాలో పాదాలకి వరసగా పదమూడు, పదమూడు, పన్నెండు, పదమూడు ఉన్నాయి. దగ్గరగా ఉన్నాయి గాని సమానం కాదు. వేళ్ల మీద లెక్కపెట్టి రాసే పిల్ల సాధారణంగా అన్ని పాదాలూ సమానం చేస్తుంది, దానికోసం ఒక మాటని సాగదీసో కుదించో ఉంటుంది. ఆ సాగదీత కనపడితే అనుమానం తగ్గించుకోవచ్చు. కనపడకపోతే మాత్రం యంత్రమని తేల్చకండి, తర్వాతి పరీక్షకి వెళ్లండి.

గణం తప్పిన చోట ఆ తప్పుకి కారణం ఉందా అని కూడా వెతకండి. పిల్లాడు మొదటి పాదం "గుణుపూరు"తో ఎత్తుకున్నాడనుకోండి. అది ఇంద్రగణం, సూర్యగణం ఉండాల్సిన చోట కూర్చోదు. కానీ తన ఊరి పేరు వదులుకోలేక అక్కడే పెట్టాడు, మిగతా పాదం సర్దుకున్నాడు. మనిషి తప్పు ఇలాగే ఒకచోట పడుతుంది, ఎందుకు పడిందో తెలుస్తుంది. యంత్రం తప్పు పద్యమంతా పరుచుకుని ఉంటుంది, దేనికోసం తప్పిందో చెప్పలేం.

సమస్య: ఛందస్సు అంతా సరిగ్గా ఉంది, అయినా అనుమానం పోవడం లేదు

గణాలు, యతి సరిచూసే ప్రోగ్రాములు ఉన్నాయి. అలాంటిదొకటి పక్కన పెట్టుకుని కుదిరేదాకా ఏఐ చేత మళ్లీ మళ్లీ రాయించవచ్చు. కాబట్టి ఛందస్సు నిలిచినంత మాత్రాన మనిషి రాశాడని కాదు. ఇక్కడ చూడాల్సింది పద్యం కళ్లకి కట్టించే బొమ్మ. ఈ ఆటవెలది చూడండి.

చెలమ తవ్వి తవ్వి చెమటతో మా యమ్మ
బిందె నింపు వరకు పిలవనీదు
వరద వచ్చు నాడు వాకిలి మునిగినా
తిట్టదేటి నెపుడు దిగులు పడదు

ఇది గణాలకి నిలుస్తుంది. యతులు చె–చె, బి–పి, వ–వా, తి–ది. ప్రేమ, త్యాగం, కష్టం అనే మాటలు ఎక్కడా లేవు. ఒక మనిషి ఒక పని చేస్తోంది, ఆ పనిలో పిలిస్తే ఒప్పుకోదు. వెనకటి నమూనాలో వంశధార తీసి గోదావరి పెట్టి చూడండి, అర్థంలో ఏమీ మారదు. అంటే అందులో ఏరు పేరుకే ఉంది. ఈ పద్యంలో ఎండాకాలం ఇసకలో చెలమ తవ్వుకునే ఏరే ఉండాలి, వానాకాలం వాకిట్లోకి వచ్చేది కూడా అదే అవ్వాలి.

దీనికీ హద్దు ఉంది. సినిమా పాటలు విని పెరిగిన పిల్లలు వెన్నెలా మౌనమూ అరువు తెచ్చుకుంటారు, అది దొంగతనం కాదు. అటువైపు, చెలమ సంగతి చెప్పి ఏఐ చేత రాయించిన గడుసువాడూ ఉండొచ్చు.

పరిష్కారం: కాగితం పక్కన పెట్టి పిల్లాడితో మాట్లాడండి. "మూడో పాదంలో వరద తీసేసి ఎండ పెట్టు నాన్నా, ఏం మారుతుందో చూద్దాం" అనండి. వరద, ఎండ రెండూ సూర్యగణాలే, గణం చెడదు. యతి చెడుతుంది. "ఎ"కి "వా" కుదరదు, అందుచేత "వాకిలి" పోయి ఎ, ఏ, ఇ, ఈలతో ఎత్తుకునే మాట రావాలి. తను అల్లినవాడికి చిక్కు ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది, కొత్త మాట దొరకడానికి టైము పట్టినా సరే. యతి పేరు తెలియకపోయినా "ఇక్కడ పాట తెగిపోతోంది మాస్టారూ" అంటాడు. ఆ మాట చాలు.

అవధానంలో దత్తపది ఉంది కదా, దాన్నే చిన్నది చేసి పెట్టుకోవచ్చు. రెండు మాటలిచ్చి అవి వచ్చేలా పద్యం రాయమనండి, అరగంట టైమివ్వండి, ఫోన్లు బయట పెట్టించండి. పద్యం గొప్పగా రాకపోయినా ఫర్వాలేదు. ఇంటి దగ్గర రాసినదానికీ దీనికీ ఒకే చెవి ఉందా, ఒకే రకం మాటలు వాడాడా అన్నదే చూడాలి.

సమస్య: తెలుగు మరీ గ్రాంథికంగానో, మరీ వంకరగానో ఉంది

రాయగడలో ఇంట్లో తెలుగు మాట్లాడుతూ తెలుగు రాయడం రాని పిల్లలు ఉన్నారు. వాళ్లు ఒడియాలో ఆలోచించి, ఫోన్లో అనువాదం చేయించి, దాన్ని చూసి రాస్తారు. వాక్యం యంత్రంలాగే ఉంటుంది, ఊహ మాత్రం పిల్లదే. ఒడియా కాగితం ఉందా అని అడగండి. ఉంటే దాన్ని చదివించుకుని మార్కులు వెయ్యండి, అనువాదమని పక్కన రాయండి. అక్షరదోషాలు లేకపోవడాన్ని గాని, ఉండటాన్ని గాని సాక్ష్యంగా తీసుకోకండి.

సమస్య: ఏఐ రాసిందో కాదో చెప్పే సైటు "తొంభై శాతం ఏఐ" అంది

పక్కన పడెయ్యండి. నాలుగు పాదాలు దానికి సరిపోయేంత సరుకు కాదు.

పాట అయితే

గణాలు వెతక్కండి. లఘువుకి ఒకటి, గురువుకి రెండు చొప్పున మాత్రలు లెక్కపెట్టి, పల్లవి ఏ నడకలో ఉందో చరణం కూడా ఆ నడకలో ఉందో లేదో చూడండి. పాటలో చివరి ప్రాస తప్పు కాదు, అనుమానానికి అది ఆధారం కాదు. పిల్లని పాడమనండి. బాణీ మనసులో పెట్టుకుని రాసినవాళ్లు ఎక్కడ సాగదీయాలో అక్కడ సాగదీస్తారు. రాయించుకున్నవాళ్లు రెండో చరణం దగ్గర ఆగి కాగితం చూస్తారు. సిగ్గుతో ఆగే పిల్లలూ ఉంటారు, వాళ్ల చేత మొదట ఇంట్లోవాళ్ల ముందు పాడించండి.