కటాన్‌లో రాబర్‌ని కదిపే ముందు జాగ్రత్తలు

కటాన్ బోర్డు గేమ్‌లో పాచికల మీద 7 పడితే, టైల్ నుంచి కార్డులు రాకుండా ఆపే రాబర్ బొమ్మని కదపాలి. చాలామంది దాన్ని ముందున్నవాడి టైల్ మీదే పెట్టేస్తారు. ఎవరిని ఆపాలో సరిగ్గానే ఎంచుకుంటారు కానీ, అదే టైల్‌ని ఆనుకుని ఇంకెవరున్నారో చూడరు. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

ఒక ఆట చూద్దాం. మీది నీలం. ఎరుపు 7 పాయింట్లతో ముందుంది, తెలుపుకి 4 ఉన్నాయి. ఎరుపుకి 8 నంబరు ఓర్ టైల్ మీద ఒక సిటీ ఉంది, తెలుపు సెటిల్‌మెంట్ కూడా ఆ టైల్‌కే ఆనుకుని ఉంది. ఎరుపు ఇంకో సిటీ 9 నంబరు వీట్ టైల్ మీద ఒంటరిగా ఉంది. 8 పడే అవకాశం 36లో 5, 9 పడే అవకాశం 36లో 4. సిటీకి రెండేసి, సెటిల్‌మెంట్‌కి ఒక్కో కార్డు వస్తాయి కాబట్టి 36 సార్లు పాచికలు వేస్తే, సగటున ఓర్‌ని ఆపితే ఎరుపుకి 10 కార్డులు, వీట్‌ని ఆపితే 8 కార్డులు పోతాయి. తేడా రెండే. కానీ ఓర్ దగ్గర పెడితే ఏ తప్పూ చేయని తెలుపుకి కూడా 5 కార్డులు పోతాయి. అందుకే వీట్ మీద పెట్టండి. ఇంకో సిటీ కట్టాలంటే ఎరుపుకి ఓర్ 3తో పాటు వీట్ 2 కావాలి, కాబట్టి దెబ్బ తగలాల్సిన చోటే తగులుతుంది.

ఒకవేళ ఓర్ మీదే పెట్టక తప్పకపోతే, రాబర్‌ని పెట్టినందుకు మీకు దక్కే కార్డు మాత్రం ఎరుపు నుంచే తీసుకోండి. తెలుపు చేతిలో ఎక్కువ కార్డులు కనిపిస్తున్నాయని ఆశపడొద్దు. టైల్ ఆగిపోయినందుకు మనుషులు కాస్త సర్దుకుంటారు గానీ, చేతిలోంచి కార్డు లాక్కుంటే గుర్తుపెట్టుకుంటారు. పెట్టేటప్పుడు "ఎరుపు గెలవడానికి ఇంకో 3 పాయింట్లే కావాలి, అందుకే" అని అందరికీ వినిపించేలా చెప్పండి.

ముందున్నవాడు ఎవరో లెక్కేయడంలోనూ పొరపాటు జరుగుతుంది. మొత్తం 25 డెవలప్‌మెంట్ కార్డుల్లో 5 దాచిపెట్టే విక్టరీ పాయింట్లు. ఎన్నో టర్నుల నుంచి మూసి ఉన్న కార్డులు ఎవరి దగ్గరున్నాయో చూసి, వాళ్ల స్కోరుకి ఒకటి కలిపి అనుమానించండి. బోర్డు మీద 9 ఉన్నవాడైతే ఈ మర్యాదలన్నీ పక్కనపెట్టి, ఎక్కువ నష్టం చేసే టైల్ మీదే పెట్టాలి.

రాబర్‌ని పెట్టాక నలుగురి ఆటలో మీ టర్ను మళ్లీ వచ్చేలోపు ముగ్గురు పాచికలు వేస్తారు. అందులో కనీసం ఒకసారైనా 7 పడే అవకాశం దాదాపు 42 శాతం, రాబర్‌ని కదిపే నైట్ కార్డులు దానికి అదనం. అందుకని టర్ను ముగించేటప్పుడు చేతిలో 7 కంటే ఎక్కువ కార్డులు ఉంచుకోకండి, ఉన్నప్పుడు 7 పడితే సగం పారేయాలి. ఇంతకుముందు కొన్న నైట్ ఒకటి దగ్గర పెట్టుకుంటే, రాబర్ మీ టైల్ మీదికి వచ్చినా మీ టర్నులో పాచికలు వేయకముందే దాన్ని తరిమేయొచ్చు.