భర్తకు పడకగది ఇబ్బంది వస్తే డాక్టరు దాకా ఎలా తీసుకెళ్లాలి?

మోకాలు నొప్పి వస్తే మగవాడు నలుగురికీ చెప్పుకుంటాడు. అంగస్తంభన సరిగా లేకపోతే మాత్రం కట్టుకున్న భార్యతో కూడా నోరు విప్పడు. పొద్దుపోయేదాకా షాపులో కూర్చుంటాడు, ఇంటికొచ్చి ఫోను చూస్తూ అటు తిరిగి పడుకుంటాడు. కాంప్లెక్స్ దగ్గర గోడల మీద "ఫలానా తేదీన ఫలానా లాడ్జిలో" అని అంటించిన పోస్టర్లు బతికేది ఈ మౌనం మీదే. ఈ వ్యాసం ముఖ్యంగా భార్యల కోసం.

విజయనగరంలో గంటస్తంభం దగ్గర ఒక సందులో బట్టల షాపు నడిపే 47 ఏళ్ల మనిషి ఉన్నాడనుకుందాం. భార్య ఇంట్లోనే మిషను కుడుతుంది. ఏడాదిగా ఇద్దరి మధ్యా దూరం పెరిగింది. ఆమెకు మొదట వచ్చిన అనుమానం ఇంకో ఆడమనిషి ఉందేమోనని. చాలామందికి వచ్చేది అదే. మాట మొదలుపెట్టడానికి అంతకంటే చెడ్డ దారి ఇంకొకటి లేదు.

మొదటి మెట్టు: అడగకముందు గమనించండి

ఒక వారం రోజులు ఏమీ అనకుండా కొన్ని సంగతులు కనిపెట్టండి. ఇబ్బంది ఒక్కసారిగా వచ్చిందా, నెమ్మదిగా పెరిగిందా? తెల్లవారుజామున నిద్రలో స్తంభన మామూలుగానే వస్తోందా? అది బాగానే ఉండి, మనసు పడిన వేళ మాత్రమే రాకపోతే టెన్షన్, దిగులు, గొడవల వైపు అనుమానం వెళుతుంది. తెల్లవారుజామున కూడా తగ్గిపోతూ వస్తే రక్తనాళాలు, నరాలు, షుగర్ వైపు చూడాలి. ఇది ఊహకు పనికొచ్చే గుర్తే తప్ప తీర్పు కాదు. రెండు కారణాలూ కలిసే ఉండొచ్చు కూడా.

కొత్తగా ఏమైనా మాత్రలు మొదలుపెట్టారా అన్నది తప్పకుండా చూడండి. బీపీకి ఇచ్చే కొన్ని మందులు, డిప్రెషన్‌కు ఇచ్చే కొన్ని మందులు ఈ ఇబ్బంది తెస్తాయి. అలాగని ఆయన చేత మాత్రలు మాన్పించకండి. మందు మార్చడం డాక్టరు పని.

మన షాపాయన విషయంలో ఆమెకు కనిపించినవి ఇవి: రాత్రి మూడుసార్లు ఒంటేలుకు లేస్తున్నాడు, మంచం పక్క చెంబు తెల్లారేసరికి ఖాళీ, అరికాళ్లు తిమ్మిరంటున్నాడు, సిగరెట్లు రోజుకు ఒక పెట్టె. ఆమె వెతుకుతున్న మాట ఇక్కడే దొరికింది. ఆమె అడగాల్సింది మగతనం గురించి కాదు, షుగర్ గురించి.

ఇది వంక కాదు, నిజమే. అంగానికి రక్తం తీసుకెళ్లే నాళాలు గుండె నాళాల కంటే సన్నం. కొవ్వు, షుగర్, పొగాకు వల్ల నాళాలు పాడవుతుంటే ఆ తేడా ముందు సన్నవాటిలోనే బయటపడుతుంది. అందుకే గుండెకు సంబంధించిన లక్షణాలు కనిపించడానికి కొన్నేళ్ల ముందే కొందరిలో ఈ ఇబ్బంది మొదలవుతుంది. డాక్టర్లు దీన్ని గుండె గురించి ముందుగా వచ్చిన కబురుగా చూస్తారు.

రెండో మెట్టు: చోటు, వేళ చూసుకోండి

మంచం మీద వద్దు, అందులోనూ ప్రయత్నం విఫలమైన రాత్రి అసలే వద్దు. పిల్లలు చదువుకునే గది పక్కనో, అత్తగారు వరండాలో కూర్చున్నప్పుడో కూడా వద్దు. మన ఇళ్లలో తలుపు వేసినా మాట దాగదు. పైడితల్లమ్మ పండక్కి ఇంటినిండా చుట్టాలున్న వారంలో అయితే ఆ ఊసే ఎత్తకండి.

ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే మనిషి ముడుచుకుపోతాడు. పక్కపక్కన నడుస్తున్నప్పుడు, బండి మీద వెళుతున్నప్పుడు మాట తేలిగ్గా వస్తుంది. కళ్లలోకి చూడాల్సిన అవసరం ఉండదు కదా. ఆమె ఒక ఆదివారం ఉదయం ఆయనతో పెద్ద చెరువు వైపు నడకకు బయల్దేరింది.

మూడో మెట్టు: నాలుగు వాక్యాలు, అంతే

"ఏవండీ, ఈ మధ్య రాత్రి మూడేసి సార్లు లేస్తున్నారు, కాళ్లు తిమ్మిరంటున్నారు. మనిద్దరి మధ్యా కూడా ఏడాదిగా తేడా వచ్చింది. నాకు కోపం లేదు గానీ, షుగరేమోనని భయంగా ఉంది. ఒకసారి రక్తం చూపించుకుందామా?"

"నాకేటయింది? షాపు టెన్షన్. ఒగ్గేయ్."

"టెన్షనే కావచ్చు. అదైనా డాక్టరు చెప్తే నాకు ధైర్యంగా ఉంటుంది."

ఆ తర్వాత ఆమె మిషను మోటారు రిపేరు సంగతి ఎత్తింది. అలా వదిలేయడం చాలా ముఖ్యం. ఆయన ఆ రోజే ఒప్పుకోనక్కర్లేదు. రెండో మాట మీద వాదన మొదలైతే ఆయన గెలవడానికే చూస్తాడు, ఒకసారి గెలిచాక డాక్టరు దగ్గరికి రాడు.

ఆమె మాటల్లో పడకగది సంగతి ఉంది, కానీ మధ్యలో ఉంది. దాన్ని పూర్తిగా దాచేసి ఉత్త చెకప్ అని తీసుకెళ్లి, అక్కడ డాక్టరు ముందు బయటపెడితే ఆయనకు మోసం చేసినట్టే ఉంటుంది. ఇద్దరి మధ్యా నిజం ఉండాలి. బయటివాళ్లకు మాత్రం షుగర్ పరీక్ష అని చెప్తే చాలు, అది అబద్ధమూ కాదు.

అనకూడనివి రెండు చెప్తాను. "మా చెల్లెలి మొగుడికి ఈ వయసులో కూడా..." అన్న పోలిక ఎప్పుడూ తేవద్దు. "రిపోర్టు బాగుంటే ఇంకెప్పుడూ అడగను" అని మాట కూడా ఇవ్వొద్దు. షుగర్ లేకపోయినా బీపీ, కొలెస్ట్రాల్, హార్మోను, మద్యం ఇవన్నీ మిగిలే ఉంటాయి. ఇక బావగారినో స్నేహితుడినో మధ్యలోకి తేవాలా అంటే, ఆయనే ఒప్పుకుంటే తప్ప వద్దనే నా అభిప్రాయం. ఈ సంగతి ఇంకొకరికి తెలిసిందని ఆయన చెవిన పడిన రోజున మీ మీద నమ్మకం పోతుంది.

నాలుగో మెట్టు: ముందు చిన్న పని అప్పగించండి

పది రోజుల తర్వాత రెండోసారి మాట వచ్చినప్పుడు "వస్తారా, రారా" అని అడగకండి. "ముందు ల్యాబులో రక్తం ఇద్దామా, లేక నేరుగా డాక్టరు దగ్గరికే వెళదామా?" అని అడగండి. చాలామంది ల్యాబే ఎంచుకుంటారు, ఎందుకంటే అక్కడ ఎవరితోనూ ఏమీ చెప్పక్కర్లేదు. పల్లెల్లో అయితే విలేజ్ క్లినిక్‌లో బీపీ, షుగర్ ఊరికే చూస్తారు. ఏఎన్‌ఎం తెలిసిన మనిషని ఆయనకు మొహమాటం ఉండొచ్చు. అక్కడ చేసేది షుగర్ పరీక్ష మాత్రమేనని, మిగతా ఊసు ఎత్తనక్కర్లేదని చెప్పండి.

పరగడుపున షుగర్ 100 లోపు ఉండాలి. 126, ఆపైన వస్తే మధుమేహం అనుకోవాలి, ఇంకో పరీక్షతో ఖాయం చేసుకుంటారు. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 6.5, ఆపైన వచ్చినా అంతే. మన షాపాయనకు పరగడుపున 172, హెచ్‌బీఏ1సీ 8.6, బీపీ 150/94 వచ్చాయి. ఆ కాగితం ఆమె చేయలేని పని చేసింది. "షుగరంటే అదేటో చూద్దాం" అని ఆయనే అన్నాడు.

ఐదో మెట్టు: ఏ డాక్టరు, ఎలా చెప్పాలి?

మొదట జనరల్ ఫిజీషియన్ చాలు. అవసరమైతే యూరాలజిస్టు దగ్గరికి ఆయనే పంపుతారు. అసలు గండం ఓపీ బల్ల దగ్గర వస్తుంది. పెద్దాసుపత్రిలో డాక్టరు చుట్టూ ఐదారుగురు రోగులు నిలబడి ఉంటారు. అక్కడ నోటితో చెప్పడం మగవాడికి దాదాపు అసాధ్యం. "కాళ్లు తిమ్మిర్లు సార్" అని ఊరుకుని బయటికొచ్చేస్తాడు. దీనికి మంచి ఉపాయం ఒక చీటీ. ఆమె అడిగి, ఆయన చేతే రాయించింది:

"వయసు 47. ఏడాదిగా అంగస్తంభన సరిగా లేదు, నెమ్మదిగా పెరిగింది. తెల్లవారుజామున కూడా తగ్గింది. సిగరెట్లు రోజుకు 10. మద్యం వారానికి రెండుసార్లు. ఇప్పుడు వాడే మాత్రలు ఏమీ లేవు. షుగర్, బీపీ రిపోర్టు వెనక ఉంది. ఇక్కడ అందరి ముందూ మాట్లాడలేను సార్."

చీటీని రిపోర్టుతో కలిపి డాక్టరు చేతికిస్తే చాలు. చదివాక చాలామంది డాక్టర్లు చివర్లో రమ్మంటారు, లేదంటే మిగతావాళ్లను కాస్త బయట ఉండమంటారు. మీరు లోపలికి రావాలా వద్దా అన్నది ఆయన ఇష్టానికే వదిలేయండి. కొందరికి భార్య పక్కనుంటే ధైర్యం, కొందరికి అదే సిగ్గు. మన షాపాయన ఆమెను బయట బెంచీ మీద కూర్చోమన్నాడు.

డాక్టరు టెస్టోస్టెరాన్ పరీక్ష రాస్తే రక్తం ఉదయం పూటే ఇవ్వాలి. సాయంత్రానికి ఆ హార్మోను సహజంగానే తగ్గుతుంది కాబట్టి అంకె తప్పుదారి పట్టిస్తుంది. ఛాతీ నొప్పి, మెట్లెక్కితే ఆయాసం ఉంటే దాచకుండా చెప్పాలి. గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర లాంటి నైట్రేట్ మందులు వాడేవాళ్లు స్తంభన కోసం ఇచ్చే సిల్డెనాఫిల్ మాత్ర వేసుకుంటే బీపీ ప్రమాదకరంగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. మెడికల్ షాపులో చెవిలో అడిగి కొనుక్కోవద్దనేది ఇందుకే. మూలికల పొడి అని అమ్మే డబ్బాలను పరీక్షిస్తే లోపల ఇదే మందు రహస్యంగా కలిపినట్టు చాలాసార్లు తేలింది. కాబట్టి "ఆయుర్వేదమే కదా" అని ధీమా పడకండి.

ఆరో మెట్టు: వైద్యం మొదలయ్యాక

షుగర్ మాత్రలు వేసుకున్న వారానికే పడకగది బాగుపడదు. సిగరెట్ మానడం, నడక, షుగర్ అదుపు, వీటి ఫలితం నెలల మీద కనిపిస్తుంది. నరాలు బాగా దెబ్బతిని ఉంటే పూర్తిగా వెనక్కి రాకపోవచ్చు కూడా. అప్పుడు డాక్టరు రాసే మాత్రలు ఉంటాయి, అవి పని చేయకపోతే యూరాలజిస్టు దగ్గర వేరే మార్గాలున్నాయి. మాత్ర వేసుకోగానే దానంతటదే జరగదు, మనసు కలవాలి. ఈ సంగతి తెలియక మొదటి మాత్రకే "పని చెయ్యలేదు" అని మానేసేవాళ్లు ఎక్కువ. ఈ నెలల్లో ప్రతి రాత్రీ "ఎలా ఉంది?" అని అడిగితే అదో పరీక్ష అయిపోతుంది. అడగాల్సింది మూడు నెలలకు చేయించే హెచ్‌బీఏ1సీ గురించి.

ఎంత చెప్పినా ఆయన కదలకపోతే బలవంతం చేయకుండా నెలకోసారి అదే ప్రశ్న, అదే గొంతుతో అడగండి. కొన్నింటికి మాత్రం ఆయన ఒప్పుకోలు కోసం ఆగొద్దు. ఛాతీలో బరువు, చెమటలు పట్టినా, మాత్ర వేసుకున్నాక స్తంభన నాలుగు గంటలు దాటినా, కాళ్లు ఒక్కసారిగా బలహీనపడి మూత్రం ఆగిపోయినా 108కి ఫోన్ చేయండి. "నేను బతికి ఏం లాభం" లాంటి మాటలు వినిపిస్తే 14416కి చేయవచ్చు. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్ నంబరు, తెలుగులో మాట్లాడతారు. మీరే ముందు చేసి ఏం చేయాలో అడిగినా తప్పులేదు.