నిష్పత్తి నుంచి డ్యూటీ పట్టిక దాకా: ఏ షిఫ్టుకు ఎంతమంది నర్సులు కావాలో లెక్కించడం ఎలా?

పగలు ఒక నర్సుకు అయిదుగురు రోగులకు మించి ఉండకూడదని నిబంధన ఉందనుకుందాం. 28 పడకల వార్డుకు ఎంతమంది నర్సులు కావాలి? 28ని 5తో భాగిస్తే 5.6, అంటే ఆరుగురు. రోజుకు మూడు షిఫ్టులు కాబట్టి 18 మంది. చాలా వార్డుల్లో లెక్క ఇక్కడితో ఆగిపోతుంది. ఆ 18 మందితో పని మొదలుపెడితే మొదటి వారంలోనే ఎవరో ఒకరు భోజనం మానుకోవలసి వస్తుంది, కొన్ని నెలలు గడిచేసరికి సెలవులు మంజూరు కావడం ఆగిపోతుంది. నిష్పత్తిలో తప్పు లేదు. దాన్ని మనుషుల సంఖ్యగా మార్చేటప్పుడు మధ్యలో ఉండే మెట్లు దాటేశారు, అంతే. ఆ మెట్లను ఒక వార్డు ఉదాహరణతో వరుసగా ఎక్కుదాం.

1. ముందు నిబంధనను నిదానంగా చదవండి

కాగితం మీద ఉన్న అంకె కంటే దాని చుట్టూ ఉన్న మాటలే ముఖ్యం. ఆ నిష్పత్తి ప్రతి క్షణానికీ వర్తిస్తుందా, లేక షిఫ్టు మొత్తానికి సగటుగా సరిపోతే చాలా? అమెరికాలోని కాలిఫోర్నియాలో 2004 నుంచి అమలులో ఉన్న నిష్పత్తులు అన్ని వేళలకూ వర్తిస్తాయి. నర్సు భోజనానికి వెళ్లినప్పుడు కూడా ఆమె రోగులను మరొకరికి నిష్పత్తి చెడకుండా అప్పగించాలి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో 2016లో వచ్చిన చట్టం మాత్రం వార్డు సగటును చూస్తుంది: ఉదయం, మధ్యాహ్నం షిఫ్టుల్లో నర్సుకు నలుగురు, రాత్రి ఏడుగురు. సగటు పద్ధతిలో ఒక నర్సు దగ్గర ముగ్గురు, పక్క నర్సు దగ్గర అయిదుగురు ఉన్నా తప్పు కాదు. అన్ని వేళలా అనే పద్ధతిలో నలుగురే పరిమితి అయితే ఆ అయిదో రోగి దగ్గరే ఉల్లంఘన మొదలవుతుంది.

ఇంకో రెండు ప్రశ్నలకూ జవాబు వెతకండి. లెక్క పడకలకా, ఉన్న రోగులకా? నర్సుగా ఎవరిని లెక్కించవచ్చు? విద్యార్థులు, కొత్తగా చేరి ఇంకా శిక్షణలో ఉన్నవారు, సహాయకులు, రోగుల బాధ్యత లేని ఇన్‌చార్జి నర్సు సాధారణంగా లెక్కలోకి రారు. పట్టికలో పేరు ఉన్నంత మాత్రాన నిష్పత్తికి పనికొస్తారని అనుకోవద్దు.

మన ఉదాహరణ ఇది. వార్డులో 24 సాధారణ పడకలు, ఎక్కువ నిఘా అవసరమైన 4 హెచ్‌డీయూ పడకలు ఉన్నాయి. సాధారణ రోగులకు పగలు 5కు ఒకరు, రాత్రి 8కి ఒకరు. హెచ్‌డీయూలో ఎప్పుడైనా 2కు ఒకరు. నిబంధన అన్ని వేళలా వర్తిస్తుంది, లెక్క ఉన్న రోగులకే. ప్రతి షిఫ్టులో రోగుల బాధ్యత లేని ఇన్‌చార్జి నర్సు ఒకరు ఉండాలి.

2. రోగుల సంఖ్యను సరైన వేళకు తీసుకోండి

ఆసుపత్రి నివేదికల్లో రోజువారీ సంఖ్య మామూలుగా అర్ధరాత్రి తీసేదే. వార్డు అన్నిటికంటే ఖాళీగా ఉండే వేళల్లో అదొకటి. డిశ్చార్జి అయినవారు వెళ్లిపోయి ఉంటారు, మరుసటి ఉదయం రావలసినవారు ఇంకా వచ్చి ఉండరు. అసలు రద్దీ మధ్యాహ్నం. వెళ్లవలసినవారు మందుల కోసం, కాగితాల కోసం ఎదురుచూస్తుండగానే కొత్తవారు వచ్చి చేరతారు.

అందుకే నాలుగు వారాల పాటు రెండు గంటలకొకసారి వార్డులో ఉన్న రోగులను లెక్కపెట్టి రాయించండి. సాధారణ, హెచ్‌డీయూ అంకెలు విడివిడిగా ఉండాలి. ప్రతి రోజూ ప్రతి షిఫ్టులో అత్యధిక సంఖ్యను తీసుకుంటే ఒక్కో షిఫ్టుకు 28 అంకెలు వస్తాయి. వాటి సగటు తీయవద్దు. సగటుకు సిబ్బందిని పెడితే దాదాపు సగం రోజులు తక్కువ పడతారు. పెద్దదాని నుంచి చిన్నదానికి పేర్చి మూడోదాన్ని తీసుకోండి. అంతకు మించిన రోజులు నాలుగు వారాల్లో రెండుకు మించవు, వాటికి అదనపు మనిషిని పిలిపించుకోవచ్చు. అంతకంటే పైకి వెళ్లి అత్యధిక సంఖ్యకే ఎప్పుడూ సిబ్బందిని కట్టేయడం నా దృష్టిలో వృథా. కంప్యూటర్‌లో చేసేవారికి సూత్రాలు ఇవి. మొదటిదాని ఫలితం C2 గడిలో ఉండాలి:

```
=LARGE(B2:B29,3)
=ROUNDUP(C2/5,0)
```

మన వార్డులో సాధారణ రోగులు ఉదయం 23, మధ్యాహ్నం 24, రాత్రి 21 వచ్చారు. హెచ్‌డీయూలో మూడు వేళలా నలుగురే. అర్ధరాత్రి సగటు మాత్రం 19. దాన్ని నమ్మి ఉంటే పగలు నలుగురు చాలని తేలేది. మధ్యాహ్నం అయ్యేసరికి ఆ నలుగురి మీద 24 మంది పడేవారు.

3. గుంపు గుంపుగా భాగించి పైకి సవరించండి

వార్డు మొత్తాన్ని ఒకేసారి భాగించకూడదు. ఒక్కో నిష్పత్తి కింద ఉన్న రోగులను విడిగా భాగించి, వచ్చిన భిన్నాన్ని విడిగానే పై అంకెకు తేవాలి. ఉదయం 23ను 5తో భాగిస్తే 4.6, అంటే అయిదుగురు. హెచ్‌డీయూకు ఇద్దరు. మొత్తం ఏడుగురు. మధ్యాహ్నం 4.8 కూడా అయిదే, మళ్లీ ఏడుగురు. రాత్రి 21ని 8తో భాగిస్తే 2.6, అంటే ముగ్గురు, హెచ్‌డీయూకు ఇద్దరు, అయిదుగురు.

అన్ని వేళలా వర్తించే నిబంధనలో 4.1 కూడా అయిదే. సగటు చూసే చోట ఆ మిగులును అరపూట మనిషితో సరిపెట్టే వీలు ఉండవచ్చు. ఏ పద్ధతిలోనైనా, అంకె తేలాక ఇంకో రోగి వస్తే ఏమవుతుందో చూసుకోండి. 20 మందికి నలుగురిని పెడితే తరువాతి అడ్మిషనే నిబంధనను దాటిస్తుంది. మన వార్డులో అయిదుగురు 25 మందిని చూడగలరు, పడకలు 24 కాబట్టి నిండినా ఇబ్బంది లేదు.

4. విరామాలను లెక్కలోకి తీసుకోండి

ఎక్కువగా మరిచిపోయేది ఇదే. మధ్యాహ్నం 24 మంది సాధారణ రోగులకు అయిదుగురు నర్సులు ఉన్నారు. ఒకరు భోజనానికి వెళ్తే మిగిలిన నలుగురు 20 మందినే చూడగలరు. అంటే అయిదుగురూ విరామం తీసుకుంటే అయిదుసార్లు ఉల్లంఘన. వాస్తవంలో జరిగేదేమిటంటే, ఎవరూ వెళ్లరు, లేదా వెళ్లినట్టు రాస్తారు.

ఒక్కొక్కరికి షిఫ్టులో మొత్తం 45 నిమిషాల విరామం అనుకుంటే, పగటి ఏడుగురికి 315 నిమిషాలు, అంటే అయిదుంపావు గంటలు. ఎనిమిది గంటల షిఫ్టులో మొదటి గంట, చివరి గంట విరామాలకు పనికిరావు కాబట్టి మిగిలేది ఆరు గంటలే. ఒకరి తరువాత ఒకరు వెళ్తే, విరామాల కోసమే కేటాయించిన ఒక్క నర్సు సరిపోతారు, కానీ బిగుతుగానే. ఆమెకు హెచ్‌డీయూలో పనిచేసే అర్హత కూడా ఉండాలి, లేకపోతే ఆ ఇద్దరి విరామం ఎప్పటికీ తీరదు. రాత్రి అయిదుగురికి 225 నిమిషాలే కాబట్టి, నిబంధన ఒప్పుకుంటే ఇన్‌చార్జి నర్సే ఆ పని చేయవచ్చు. పగలు మాత్రం అలా చేయవద్దని నా సలహా. రౌండ్లు, అడ్మిషన్లు, ఫోన్లు ఉన్న వేళలో ఇన్‌చార్జి అయిదు గంటలు రోగుల దగ్గర ఉంటే వార్డును నడిపించేవారే ఉండరు.

ఇప్పుడు కూడితే, ఉదయం రోగులకు ఏడుగురు, విరామాలకు ఒకరు, ఇన్‌చార్జి ఒకరు: 9. మధ్యాహ్నం 9. రాత్రి 6. రోజుకు 24 డ్యూటీలు. మొదట్లో వేసిన 18తో పోల్చి చూడండి.

5. డ్యూటీలను ఉద్యోగాలుగా మార్చండి

రోజుకు 24 డ్యూటీలంటే ఏడాదికి 8,760. వారానికి అయిదు రోజులు పనిచేసే నర్సుకు ఏడాదిలో 260 డ్యూటీలు ఉంటాయి. అందులోంచి వార్షిక సెలవులు 25, పండుగ సెలవులు 10, అనారోగ్యం 10, శిక్షణ 5 తీసేస్తే మిగిలేవి 210. ఇవి ఉదాహరణకు వేసిన అంకెలు. మీ సంస్థ రికార్డుల్లో గత ఏడాది నిజంగా వాడుకున్న సెలవులను తీసుకోండి. 8,760ని 210తో భాగిస్తే 41.7, అంటే 42 మంది. సెలవులు వదిలేసి 260తో భాగించినవారికి 34 చాలనిపిస్తుంది. ఆ ఎనిమిది మంది తేడాయే తరువాత అదనపు డ్యూటీలుగా, రద్దయిన సెలవులుగా బయటపడుతుంది.

ఒక షిఫ్టువారు మరో షిఫ్టువారికి బాధ్యతలు అప్పగించే అరగంటకు జీతం ఇస్తున్నారా? ఇస్తుంటే ఒక్కో డ్యూటీ ఎనిమిదిన్నర గంటలవుతుంది, అవసరం 44కు పైగా చేరుతుంది.

వృద్ధుల సంరక్షణ కేంద్రంలో

అక్కడ నిబంధన తరచూ నిష్పత్తిగా కాక, ఒక్కో నివాసికి రోజుకు ఇన్ని గంటల సేవ అని ఉంటుంది. 40 మందికి మూడేసి గంటలంటే రోజుకు 120 గంటలు. విరామం పోగా ఒక్కో డ్యూటీలో ఏడున్నర గంటల పని జరిగితే 16 డ్యూటీలు కావాలి. వాటిని మూడు షిఫ్టులకు సమానంగా పంచకండి. స్నానాలు, బట్టలు మార్చడం, ఉదయపు మందులు ఒక్కసారే మీద పడతాయి కాబట్టి ఉదయం 7, సాయంత్రం 6, రాత్రి 3 లాంటి పంపకం పనికి దగ్గరగా ఉంటుంది. అయితే రోజు మొత్తం గంటలు సరిపోయాయని రాత్రిని మరీ పలచన చేయవద్దు. మంచం మీద తిప్పడానికి ఇద్దరు అవసరమైనవారు ఉంటే, ఆ ఇద్దరూ ఒక గదిలో ఉండగా మిగిలిన గదుల గంట మోగితే ఎవరు వెళ్తారన్నదే రాత్రి సంఖ్యకు అసలు పరీక్ష. అర్హత ఉన్న నర్సు 24 గంటలూ ఉండాలన్న షరతు ఉంటే దాన్ని మొత్తం గంటలతో కలపకుండా విడిగా సరిచూడండి.

6. పాత వారం మీద పరీక్షించండి

కొత్త పట్టికను అమలు చేసే ముందు, గడిచిన ఒక వారాన్ని తీసుకోండి. ప్రతి రెండు గంటలకూ అప్పుడున్న రోగుల సంఖ్య, నిజంగా డ్యూటీకి వచ్చి రోగుల బాధ్యత తీసుకున్న నర్సుల సంఖ్య పక్కపక్కన రాయండి. పట్టికలో వేసిన పేర్లు కాదు, వచ్చినవారే లెక్క. ఉల్లంఘనలు రోజంతా చెదురుమదురుగా ఉంటే మనుషులు తక్కువ. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి మధ్యే గుమిగూడితే విరామాలో, డిశ్చార్జిల ఆలస్యమో కారణం. అక్కడ ఇంకొక నర్సును పెట్టడం కంటే డిశ్చార్జి కాగితాలను ఉదయమే పూర్తి చేయించడం చవక. ఆదివారాల్లోనే కనిపిస్తే అవసరం మీ అంచనా ప్రకారమే ఉన్నట్టు, సెలవుల పంపకం దగ్గర మాత్రం లెక్క తప్పినట్టు.