ఇంట్లో మరణం, వారం పాటు అపాయింట్‌మెంట్ల వాయిదా: మెసేజ్‌లో ఎక్కడ తప్పుతుంది, ఎలా దిద్దాలి

పాలకొల్లులో పన్నుల లెక్కలు చూసే చిన్న ఆఫీసులో నేను గుమస్తాను. జూన్ 9 సోమవారం రాత్రి మా సారు వాళ్ల నాన్నగారు పోయారు. ఎనభై దాటిన మనిషి, నిద్రలోనే వెళ్లిపోయారు. సారు ఆ దుఃఖంలోనే ఫోను తీసి క్లయింట్లకు ఈ మెసేజ్ పంపారు:

"మా తండ్రిగారి అకాల మరణం వలన, అనివార్య కారణముల చేత ఈ వారం అపాయింట్‌మెంట్లు అన్నీ రద్దు చేయడమైనది. అసౌకర్యానికి చింతిస్తున్నాము."

మర్నాడు పొద్దున్నుంచి ఏమేం జరిగిందో, ఒక్కొక్కటీ ఎందుకు జరిగిందో, ఎలా దిద్దామో చెబుతాను.

సమస్య: మెసేజ్ చదివిన వాళ్లే ఫోను చేసి "ఇంతకీ నేను ఎప్పుడు రావాలి?" అని అడుగుతున్నారు

కారణం మూడు మాటల్లో ఉంది. మొదటిది "ఈ వారం". సోమవారం రాత్రి పంపిన మెసేజ్‌లో ఈ వారమంటే శనివారం దాకానా, ఆదివారం దాకానా, మళ్లీ సోమవారం దాకానా? పైగా మన వైపు ఇంట్లో పెద్దవాళ్లు పోయారంటే పెద్దకర్మ అయ్యేదాకా ఆఫీసు తెరవరనే చాలామంది అనుకుంటారు. మీరు వారమే అనుకుంటున్నారన్న సంగతి తేదీ రాస్తేగాని వాళ్లకు తెలియదు. రెండోది "రద్దు". రద్దు అంటే మళ్లీ అడిగి కొత్తగా సమయం తీసుకోవాలి, వాయిదా అంటే నా వంతు ఉంది, రోజే మారింది. క్లయింటుకు ఈ తేడా చాలా పెద్దది. మూడోది "అనివార్య కారణములు". మరణం చెప్పాక ఇంకా వేరే కారణాలేమిటని చదివేవాడికి సందేహం.

"అకాల మరణం" అన్నది ఫోనులకు కారణం కాకపోయినా తప్పే. నిండు వయసులో పోయిన మనిషికి ఆ మాట అతకదు.

పరిష్కారం: మరణానికి ఒక వాక్యం, తక్కినదంతా రోజులకు. మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ రెండూ వారం పేరుతో సహా రాయాలి. "జూన్ 10 మంగళవారం నుంచి 16 సోమవారం వరకు" అంటే ఇక అడగడానికేమీ మిగలదు. మంగళవారం నాడు ఆఫీసు తిరిగి తెరవడమేమిటని ఒకరిద్దరు పెద్దవాళ్లు గొణిగారు, అది వేరే సంగతి.

సమస్య: వాయిదా వేసిన రోజున ఒకే గంటకు ఇద్దరు వస్తారు

ఇది ఆ వారంలో కనబడదు, తర్వాతి వారంలో బయటపడుతుంది. "మీది ఏ రోజైతే, వచ్చే వారం అదే రోజు అదే సమయానికి రండి" అని రాద్దామని నేనే అన్నాను. వినడానికి బాగుంది. డైరీ తెరిచి చూస్తే ఆగిన వారంలో పద్నాలుగు అపాయింట్‌మెంట్లున్నాయి, తర్వాతి వారంలో ఖాళీలు తొమ్మిదే. పైగా ఆ వారంలో 20వ తేదీ ఉంది, నెలనెలా జీఎస్టీఆర్-3బి అనే పన్ను రిటర్ను వేసేవాళ్లకు అదే గడువు. అంటే అసలే కిటకిటలాడే వారం.

కాబట్టి డైరీ చూడకుండా కొత్త సమయం మాట ఇవ్వకూడదు. మేము "కొత్త సమయం శనివారంలోగా ఆఫీసు నుంచి ఫోనులో చెబుతాం" అని రాశాం. తొమ్మిది ఖాళీల్లో 20లోగా పని తెమలాల్సిన వాళ్లను ముందు కూర్చోబెట్టాను. మిగిలిన అయిదుగురిలో ముగ్గురికి సాయంత్రం ఆరు తర్వాత ఇచ్చాను. ఇద్దరు పాత నోటీసుల గురించి మాట్లాడాల్సినవాళ్లు, వాళ్ల గడువు జూలైలో ఉంది గనక నెలాఖరుకు ఒప్పుకున్నారు.

సమస్య: అపాయింట్‌మెంట్ ఆగింది, గడువు ఆగలేదు

మే నెల అమ్మకాల బిల్లులు జీఎస్టీఆర్-1 అనే అమ్మకాల రిటర్నులో ఎక్కించడానికి జూన్ 11 ఆఖరు. మా వాయిదా మొదలైన మర్నాడే. ఆలస్య రుసుము సంగతి అటుంచండి, అసలు దెబ్బ మన క్లయింటుకు కాదు, అతని దగ్గర సరుకు కొన్నవాడికి. 11 దాటాక ఎక్కిన బిల్లు, కొనుగోలుదారుకు 14న తయారయ్యే పన్ను జమల పట్టిక జీఎస్టీఆర్-2బిలో కనబడదు, తర్వాతి నెలకు పోతుంది. అతనికి రావాల్సిన పన్ను జమ నెల ఆలస్యం. కొబ్బరి పీచు అమ్మే మా క్లయింటు ఒకాయన "అన్నీ రద్దు" అని చదివి బిల్లులు తన దగ్గరే పెట్టుకుని కూర్చున్నాడు. 11న మధ్యాహ్నం నేను ఫోను చేస్తే, "సారు ఇంట్లో అలా ఉంటే బిల్లులని ఎలా అడగను బాబూ" అన్నాడు. ఆ మర్యాదే అతనికి నష్టం చేసేది.

పరిష్కారం: ఆగనిది ఏదో, ఎవరికి పంపాలో ఒక్క వాక్యంలో చెప్పాలి. అప్పుడు అడగడానికి మొహమాటం ఉండదు.

సమస్య: మెసేజ్ అసలు చేరలేదు

గురువారం రాజోలు నుంచి ఒకాయన చించినాడ వంతెన దాటి బస్సులో వచ్చి, తాళం వేసిన తలుపు ముందు ఫైలు సంచితో నిలబడ్డాడు. మెసేజ్ రాలేదన్నాడు, నిజమే. వాట్సాప్‌లో బ్రాడ్‌కాస్ట్ జాబితాకు పంపింది, మన నంబరు తమ ఫోనులో దాచుకున్నవాళ్లకే చేరుతుంది. ఆయన ఎప్పుడూ పాత కాల్ జాబితా చూసే చేస్తాడు, నంబరు దాచుకోలేదు.

గ్రూపు పెడితే అందరికీ చేరుతుంది గాని, ఒకరి నంబరు ఇంకొకరికి తెలుస్తుంది, పైగా దండం పెట్టే బొమ్మల కింద తేదీ మునిగిపోతుంది. మెసేజ్ పంపిన గంట తర్వాత రెండు టిక్కులు పడని పేర్లు రాసుకుని, ఆ వారం రావాల్సినవాళ్లకు ఫోను చేయడమే దారి. మామూలు ఎస్సెమ్మెస్ తెలుగులో పంపితే ఒక భాగంలో 70 గుర్తులే పడతాయి, గుణింతాలూ విడిగా లెక్కకొస్తాయి. "వాయిదా" కంటికి మూడక్షరాలు, అక్కడ ఆరు. పొడుగు మెసేజ్ ముక్కలవుతుంది.

సమస్య: మాట నొప్పిస్తుందేమోనన్న భయం

"స్వర్గస్థులయ్యారు", "శివైక్యం చెందారు", "ప్రభువు నందు నిద్రించారు" అన్నవి ఇంటివాళ్ల విశ్వాసాన్ని బట్టి వాడే మాటలు. ఏ ఇంటివాళ్లయినా రాయగలిగేది, ఎవరికైనా పంపగలిగేది "కాలం చేశారు". జబ్బు వివరం, ఆస్పత్రి పేరు, పెద్దకర్మ తేదీ ఇందులో అక్కర్లేదు. పిలవాల్సినవాళ్లను విడిగా పిలుచుకుంటారు.

పెళ్లి పనుల్లో ఉన్న ఇళ్లు రెండున్నాయి. పూర్వం అశుభం కార్డు చదివి చింపేసే ఇళ్లే అవి. వాళ్లకు మెసేజ్ పంపలేదు, ఫోను చేసి "సారు ఈ వారం లేరు, మీ పని 18 బుధవారం" అన్నాను. అడిగితే చెప్పేవాణ్ణి, అడగలేదు.

మంగళవారం మధ్యాహ్నం సారుకు చదివి వినిపించి, మళ్లీ పంపింది ఇది:

"నమస్కారం. మా నాన్నగారు సోమవారం కాలం చేశారు. జూన్ 10 మంగళవారం నుంచి 16 సోమవారం వరకు ఉన్న అపాయింట్‌మెంట్లన్నీ వాయిదా వేస్తున్నాను. మీ కొత్త సమయం శనివారంలోగా ఆఫీసు నుంచి ఫోనులో చెబుతారు. 11వ తేదీ రిటర్నుల పని ఆగదు, బిల్లులు ఆఫీసు నంబరుకు పంపండి. పొద్దున పంపిన మెసేజ్ బదులు దీన్నే చూడగలరు."

చివరి వాక్యంలో "పొద్దున" కాదు, "నిన్న రాత్రి" అని ఉండాలి. సారూ నేనూ ఇద్దరం చూసుకోలేదు. ఆ ఒక్క మాట మీద ఇంకో మూడు ఫోనులు వచ్చాయి.